ఏడాది వీసా అన్నారు, తీరా చూస్తే మూడు నెలలే

నేను మెల్‌బోర్న్‌లో దిగి మూడు రోజులైంది. జెట్‌లాగ్ వల్ల రాత్రి రెండు దాటినా నిద్ర పట్టడం లేదు. కోపం ఇంకా చల్లారకముందే ఇది రాసేస్తున్నాను.

అమ్మాయికి ఆగస్టు ఆఖర్లో డెలివరీ. అందుకని ఆస్ట్రేలియా విజిటర్ వీసాకి, అంటే సబ్‌క్లాస్ 600కి, అమ్మాయే ఆన్‌లైన్‌లో అప్లై చేసింది. వేలిముద్రలకి హైదరాబాద్ వెళ్లొచ్చాను. పెన్షన్ కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అమ్మాయి రాసిన ఆహ్వాన ఉత్తరం పెట్టాం. ఏప్రిల్ 2న మెయిల్లో అప్రూవల్ లెటర్ వచ్చింది. ఇంతవరకూ చెప్పుకోదగ్గ కష్టం ఏమీ లేదు.

పాస్‌పోర్ట్‌లో స్టాంపు ఎప్పుడు వేస్తారని మా వారు నెల రోజులు అడుగుతూనే ఉన్నారు. వెయ్యరు. 2015 నుంచి వాళ్లు పాస్‌పోర్ట్‌లో స్టిక్కర్ అంటించడం మానేశారు. వీసా వాళ్ల కంప్యూటర్లో మన పాస్‌పోర్ట్ నంబరుకి ముడిపడి ఉంటుంది. ఈలోగా కొత్త పాస్‌పోర్ట్ తీసుకుంటే ఆ నంబరు వాళ్లకి తెలపాలి, లేకపోతే ఎయిర్‌పోర్ట్ కౌంటర్లో మన వీసా కనపడక ఇబ్బంది పడతాం.

ఇక టికెట్ సంగతి. అరండల్‌పేటలో మాకు తెలిసిన ట్రావెల్ ఏజెంట్ దగ్గరికి లెటర్ ప్రింటు పట్టుకెళ్లాను. అతను ఒక్క చోట వేలు పెట్టి చూసి, "మేడం, 2026 ఏప్రిల్ దాకా వీసా ఉంది. సంక్రాంతి కూడా అక్కడే చేసుకుని రండి" అన్నాడు. ఆగస్టులో వెళ్లి జనవరి 20న తిరిగొచ్చేట్టు టికెట్ వేసేశాడు. సంతోషంగా ఇంటికొచ్చాను.

ఆ రాత్రి పిండివంటల లిస్టు రాసుకుంటూ లెటర్ మళ్లీ తీశాను. ముప్ఫై ఏళ్లు పిల్లల పేపర్లు దిద్దినదాన్ని, ఏ కాగితమైనా రెండోసారి చదవందే నిద్ర పట్టదు. అందులో ఒక వరుసలో Must not arrive after అని, ఎదురుగా 2 April 2026 అని ఉంది. దాని కింద Length of stay అని, ఎదురుగా 3 months from the date of each arrival అని ఉంది. ఆ కిందే Multiple entries.

మూడు వరుసలూ మూడు వేర్వేరు సంగతులు చెబుతున్నాయి. మొదటిది, ఫలానా తేదీలోపు ఆస్ట్రేలియాలో అడుగుపెట్టాలి అని. అది తిరిగొచ్చే గడువు కానే కాదు. రెండోది, అడుగుపెట్టిన ప్రతిసారీ అక్కడ ఎన్నాళ్లు ఉండవచ్చో. మూడోది, ఎన్నిసార్లయినా వెళ్లిరావచ్చని. అంటే ఆగస్టు 8న దిగితే నవంబరు 8 లోపు దేశం దాటాలి. జనవరి 20 దాకా అంటే రెండు నెలలకు పైగా అక్రమంగా ఉన్నట్టు. గడువు దాటి 28 రోజులకు మించి ఉంటే, తర్వాత మూడేళ్ల దాకా తాత్కాలిక వీసా ఇవ్వకుండా ఆపే నిబంధన ఉంది వాళ్లకి. మనవడికి మూడేళ్లొచ్చేదాకా మళ్లీ చూడలేను!

మర్నాడు పొద్దున్నే ఏజెంట్ దగ్గరికి పరిగెత్తాను. షాపులో ఇంకో ఆరుగురున్నారు. నేను ఆ వరుస చూపించి, "బాబూ, ఇక్కడ మూడు నెలలే అని ఉందే" అన్నాను. అతను కాగితం చేతిలోకైనా తీసుకోలేదు. పక్కనున్న అమ్మాయి వైపు తిరిగి నవ్వి, "మేడంగారు టీచరు కదా, మనకి పాఠం చెప్పడానికొచ్చారు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. పైగా, "మొన్న మా కస్టమర్ ఒకావిడ పదినెలలుండి వచ్చింది, మీరేం కంగారు పడకండి" అని ఓదార్పొకటి.

ఆవిడ ఉండి ఉండవచ్చు. ఒకే సబ్‌క్లాస్ అయినా ఒకరికి మూడు నెలలిస్తారు, ఒకరికి ఆరు, ఒకరికి పన్నెండు. ఆవిడ లెటర్ ఆవిడది, నా లెటర్ నాది. అతను పదేళ్లుగా ఈ లెటర్లు చూస్తున్నాడు కానీ ఒక్కటీ పూర్తిగా చదివినట్టు లేడు. లక్ష్మీపురంలో మాకు తెలిసిన దంపతులు ఇదే తేదీని తలకిందులుగా అర్థం చేసుకున్నారు. ఆ తేదీకి పది రోజుల ముందు దిగి, వీసా అయిపోతుందని పది రోజులకే పరుగున వచ్చేశారు. వాళ్ల లెటర్లో కూడా దిగిన రోజు నుంచి మూడు నెలలే. హాయిగా ఉండాల్సింది.

ఇంటికొచ్చి అమ్మాయికి ఫోన్ చేస్తే అల్లుడు అందుకుని, "ఏం పర్లేదత్తయ్యా, వచ్చాక ఇక్కడే పొడిగిద్దాం" అన్నాడు. మళ్లీ లెటర్ తీశాను. కింద షరతుల దగ్గర మూడు నంబర్లున్నాయి. 8101 అంటే పని చేయకూడదు. 8201 అంటే మూడు నెలలకు మించి చదువు కుదరదు. 8503 పక్కన No further stay అని ఉంది. ఈ మూడోది ఉంటే ఆస్ట్రేలియా గడ్డ మీద ఉండి ఇంకో విజిటర్ వీసాకి అప్లై చేయడం కుదరదు. ఆ షరతు తీసేయమని అడగవచ్చు గానీ, వీసా ఇచ్చాక మన చేతిలో లేని పెద్ద మార్పేదో జరిగి ఉండాలి. బాలింతకి తోడుండాలన్నది వీసా అడిగినప్పుడే చెప్పుకున్న కారణం, అదెలా చెల్లుతుంది? అల్లుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అమ్మాయి చేత VEVO అనే వాళ్ల సైట్లో చూపించాడు. పాస్‌పోర్ట్ నంబరు, లెటర్లోని గ్రాంట్ నంబరు కొడితే అక్కడా అవే షరతులు, అదే 8503.

తేదీ మార్చినందుకు పద్నాలుగు వేలు పోయాయి. ఏజెంట్ సగమైనా భరిస్తాడనుకున్నాను. "మీరు ఓకే అన్నాకే కదండీ వేశాను" అన్నాడు. మీరెవరైనా టికెట్‌కి వెళితే లెటర్ అతని చేతికివ్వకండి. వెళ్లే తేదీ, వచ్చే తేదీ మీరే లెక్కకట్టి చీటీ మీద రాసివ్వండి. లెక్కలో బయల్దేరే రోజు వద్దు, దిగే రోజు పెట్టుకోండి. నేను ఆగస్టు 7న హైదరాబాద్‌లో ఎక్కితే ఇక్కడ దిగింది 8న. లెటర్లో ఆఖరి తేదీనాడు ఎక్కితే మర్నాడు దిగుతారు, అంటే విమానమే ఎక్కనివ్వరు.

చివరికి మాలో మేం ఇలా సర్దుకున్నాం. నవంబరు 5న నేను వచ్చేస్తాను, ఆ వారంలోనే మా వియ్యపురాలు వెళుతుంది. 2026 ఏప్రిల్ 2 లోపు నేను మళ్లీ దిగితే ఇంకో మూడు నెలలు. మార్చి ఆఖర్లో దిగినా జూన్ ఆఖరు దాకా ఉండవచ్చని చెబితే ఏజెంట్ ఇప్పటికీ నమ్మడు.

మెల్‌బోర్న్‌లో దిగాక ఇమిగ్రేషన్ దగ్గర ఎన్నాళ్లుంటావని అడిగారు, నవంబరు 5 టికెట్ చూపించాను, అంతే. అక్కడ దిగేవాళ్లు నింపే కార్డులో తినే వస్తువులున్నాయని టిక్ పెట్టాను. కరివేపాకు పొడి, కందిపొడి మూతలు తీసి చూసి ఇచ్చేశారు. పచ్చి కరివేపాకు మాత్రం ఇంట్లోనే వదిలేశాను, రానివ్వరు. నిన్న అమ్మాయి VEVO మళ్లీ తెరిచింది. ఇప్పుడు గడువు దగ్గర 08 November 2025 అని కనపడింది. ఫొటో తీసి ఏజెంట్‌కి వాట్సాప్ చేశాను. రెండు నీలం టిక్కులొచ్చాయి, జవాబు రాలేదు.