గద్వాల చీరలో ఒళ్లు బాగానే ఉంది, అంచే ఎందుకు పాడైంది?

మా వదిన గద్వాల చీరను మహబూబ్‌నగర్‌లో చాలాకాలం మామూలు సబ్బు పొడితోనే ఉతికారు. కాటన్ ఒళ్లు గట్టిగానే ఉంది. పట్టు అంచు మాత్రం మెరుపు తగ్గి, చేత్తో రాస్తే గరుకుగా, నూగు లేచినట్టుగా తయారైంది. ఒకే బకెట్లో నానిన చీర ఒకచోటే ఎందుకు పాడైందో తెలుసుకుందామని పొడి ప్యాకెట్ వెనుక చదివాను. అందులో ‘ఎంజైములు’ అని ఉంది.

అసలు సంగతి అక్కడే ఉంది. డిటర్జెంట్లలో వేసే ఎంజైముల్లో ప్రొటీజ్ అనేది పాలు, గుడ్డు, నెత్తురు వంటి ప్రొటీన్ మరకలను ముక్కలు చేస్తుంది. పట్టు కూడా ప్రొటీనే, గొంగడి ఉన్ని కూడా ప్రొటీనే. మరక ఏదో, దారం ఏదో ప్రొటీజ్‌కు తేడా తెలియదు. కాటన్ సెల్యులోజ్ కాబట్టి దాన్ని ముట్టుకోదు. పైగా సబ్బు పొడి నీళ్లు క్షారంగా ఉంటాయి. ప్రొటీజ్ బాగా పనిచేసేది అలాంటి గోరువెచ్చని నీళ్లలోనే. ఆ క్షారం కూడా పట్టును, ఉన్నిని విడిగా బలహీనపరుస్తుంది. ఒక్క ఉతుకుతో చీర చిరిగిపోదు. రాత్రంతా నానబెట్టడం, మళ్లీ మళ్లీ ఉతకడం వల్ల నష్టం కొంచెం కొంచెంగా పోగవుతుంది. అందుకే చాలామంది అది పాతబడటం అనుకుంటారు.

ఈసారి పెళ్లిలో అదే అంచు మీద పెరుగు, నెయ్యి పడ్డాయి. వదిన వేడినీళ్లు తెస్తుంటే వద్దన్నాను. వేడికి పెరుగులోని ప్రొటీన్ గడ్డకట్టి దారానికి పట్టేస్తుంది. ముందు నెయ్యి మీద టాల్కం పౌడర్ చల్లి, అది పీల్చుకున్నాక దులిపాం. అంచు రంగు దిగుతుందేమోనని ఒక మూల తడిపి తెల్లగుడ్డతో అద్ది చూశాం. దిగలేదు.

తర్వాత గింజలు తీసిన కుంకుడుకాయలు ఐదారు నానబెట్టి పిసికి, రసాన్ని పలుచని గుడ్డలో వడకట్టి, అర బకెట్ చల్లనీళ్లలో కలిపాం. వడకట్టకపోతే తొక్కల ముక్కలు జరీలో ఇరుక్కుంటాయి. ఐదు నిమిషాలు ఉంచి, మరకను వెనక వైపు నుంచి వేళ్లతో మెల్లగా తట్టాం, రుద్దలేదు. మంచినీళ్లు తేటగా వచ్చేదాకా జాడించి, పిండకుండా తువ్వాలులో చుట్టి తేమ తీసి, నీడలో ఆరేశాం. తెల్లపట్టుకైతే కుంకుడు రసం వాడను, లేత గోధుమరంగు పట్టొచ్చు. దానికి ‘ఉన్ని, పట్టు కోసం’ అని రాసి, ఎంజైములు లేని లిక్విడ్ మంచిది. ‘మైల్డ్’ అనే మాట ఒక్కటే చూసి కొనొద్దు, పదార్థాల పట్టిక చదవాలి.

పెరుగు మరక పోయింది. నెయ్యి మరక లీలగా మిగిలితే డ్రైక్లీనింగ్‌కు ఇచ్చాం. పోయిన మెరుపు మాత్రం తిరిగి రాదు, తెగిన ప్రొటీన్ మళ్లీ అతుక్కోదు. గొంగడికీ ఇదే పద్ధతి పాటిస్తున్నాం. అయితే నీళ్లలో దాన్ని పిసకడం, రుద్దడం చేయం. చేస్తే ఉన్ని పొలుసులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని గొంగడి కుంచించుకుపోతుంది.