ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది

టైము పదకొండు దాటింది. నిద్ర రావట్లేదు. పైగా హాల్లో ఎమర్జెన్సీ లైటు తొమ్మిదింటి నుంచి వెలుగుతోంది, అది ఎంతసేపు నిలబడుతుందో చూడకుండా పడుకోలేను. మా ఆవిడ రెండుసార్లు తలుపు దగ్గరికొచ్చి "కరెంటు ఉండగా ఆ లైటెందుకండీ" అని అడిగింది, "పరీక్ష" అన్నాను, వెళ్ళిపోయింది.

సంగతి మొన్న శుక్రవారం రాత్రిది. ఎనిమిదింటికి కరెంటు పోయింది. అమ్మ బాత్రూంలో ఉంది. మా ఆవిడ అలవాటు ప్రకారం ఫ్రిజ్ మీద నుంచి లైటు లాగి బాత్రూం గుమ్మంలో పెట్టింది. స్విచ్ వెయ్యగానే తెల్లగా, బ్రహ్మాండంగా వెలిగింది. సరేలే అనుకుని నేను బాల్కనీలోకి వెళ్ళి మా వీధికే పోయిందా, అందరికీ పోయిందా అని చూస్తున్నాను. రెండు నిమిషాలు కూడా కాలేదు. ఆ వెలుగు పసుపు రంగులోకి తిరిగి, సన్నబడి, పోయింది. ఎనభయ్యారేళ్ళ మనిషి తడి నేల మీద గోడ పట్టుకుని కదలకుండా నిలబడిపోయింది. నేను ఫోన్ టార్చ్ వేసుకుని పరిగెత్తేసరికి ఒకటే మాట అంది, "దాని ఎర్ర లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కదా నాన్నా" అని. జారలేదు, పడలేదు. కానీ ఆ మాట రెండు రోజులుగా నన్ను వదలట్లేదు.

ఎందుకంటే నేనూ అదే నమ్మాను. సర్వీసంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ బ్యాటరీ రూముల్లో తిరిగినవాణ్ణి. ఇరవై నాలుగు సెల్లులు వరుసగా, రోజూ పైలట్ సెల్ వోల్టేజీ, హైడ్రోమీటర్ రీడింగ్, లాగ్ బుక్కు. ఇంట్లో ఉన్న రెండు సెల్లుల బ్యాటరీకి మాత్రం నాలుగేళ్ళలో ఒక్కసారి మీటరు పెట్టలేదు. ఎర్ర లైటు చూసి వదిలేశాను.

నిన్న మధ్యాహ్నం విప్పాను. లోపల 4 వోల్టులు, 1.5 ఆంపియర్ అవర్ సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ. పక్కన అరచేతిలో సగం కూడా లేని చార్జింగ్ బోర్డు, దాని మీద ట్రాన్స్‌ఫార్మర్ లేదు. ఒక మైక్రోఫారడ్ కెపాసిటర్, నాలుగు డయోడ్లు, ఒకటి రెండు రెసిస్టర్లు, అంతే. ఆ ఎర్ర బల్బుకి దారి ఎక్కడి నుంచి వస్తోందా అని బోర్డు తిప్పి గీతలు చూశాను. కరెంటు లోపలికొచ్చే వైపు నుంచే, బ్యాటరీతో ఏ సంబంధమూ లేకుండా వస్తోంది. బ్యాటరీ నిండినా, చచ్చినా, అసలు లేకపోయినా అది వెలుగుతుంది. గోడలో కరెంటు ఉందని చెప్పడమే దాని పని. ఆ సంగతి ఫ్యాను చూసినా తెలుస్తుంది కదా! అట్టపెట్టె మీద మాత్రం 'చార్జింగ్ ఇండికేటర్' అని అచ్చేశారు. చార్జింగ్ అనే మాట ఎందుకు వేశారు దాని మీద? ముసలివాళ్ళున్న ఇళ్ళల్లో ఆ చుక్కని చూసి ధైర్యంగా ఉంటారు. ఇలాంటిది అమ్మేవాళ్ళ మీద నాకు నిజంగా కోపంగా ఉంది. ఇంకొన్ని రూపాయలు ఖర్చుపెడితే బ్యాటరీ నిండాక ఆపే ఏర్పాటు పెట్టొచ్చు, నిండాకే ఆకుపచ్చ చుక్క వెలిగేలా చెయ్యొచ్చు.

ఇదంతా రాస్తుంటే హుద్‌హుద్ తుఫాను గుర్తొస్తోంది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. నేను ఎక్స్ఛేంజ్‌లోనే ఇరుక్కుపోయాను, ఇంటికి రావడానికి దారి లేదు, రోడ్డంతా చెట్లే. అక్కడ మా టెన్షనంతా ఒకటే, జనరేటర్ నడిచినంతసేపు సరే, ఆగితే బ్యాటరీ బ్యాంకు 44 వోల్టుల కిందికి దిగనివ్వకూడదు. ఇంకా దిగిపోతే ఆ సెల్లులు మళ్ళీ మామూలు కావడం కష్టం. ప్రతి అరగంటకీ మీటరు చూస్తూ కూర్చున్నాం. ఇంట్లో ఆవిడ, అమ్మ, స్కూల్లో చదువుకుంటున్న చిన్నాడు. కిటికీ అద్దాలు పోయాయి, గదిలోకి వాన కొడుతోంది, మంచం మీద ముగ్గురూ, మధ్యలో పాత ఎమర్జెన్సీ లైటు. మొదటి రాత్రి అది మూడు గంటలు వెలిగిందట. తర్వాత మసకబారింది. మసక వెలుగే చాలనుకుని అలాగే ఉంచారు. రెండో రాత్రి మళ్ళీ వేస్తే ఏదో కాస్త వెలిగింది, అదీ ఆఖరిదాకా వాడారు. నేను ఇల్లు చేరేసరికి దాని బల్బు అగ్గిపుల్ల ఆరిపోయే ముందు ఉన్నట్టుంది. స్విచ్ కూడా ఎవరూ ఆపలేదు. మా వీధికి కరెంటు వచ్చింది తొమ్మిదో రోజున. అప్పుడు ప్లగ్గు పెడితే ఆ బ్యాటరీ ఇక చార్జ్ ఎక్కలేదు.

లెడ్ యాసిడ్‌కి ఇది తెలిసిన చావే. సెల్లు 1.75 వోల్టుల దగ్గరికి దిగాక, అంటే ఈ చిన్నవాటిలో రెండు సెల్లులకి కలిపి మూడున్నర దగ్గర, ఆపెయ్యాలి. ఇంకా లాగితే, పైగా ఖాళీగా రోజుల తరబడి వదిలేస్తే, ప్లేట్ల మీద ఏర్పడిన సల్ఫేట్ గట్టిపడి పలకలా కూర్చుంటుంది. తర్వాత ఎంత కరెంటిచ్చినా తీసుకోదు. అప్పుడు నేను అలిసిపోయి వచ్చి ఆవిడ మీద విసుక్కున్నాను, "మసకబారగానే ఆపాలని తెలీదా" అని. "చీకట్లో పిల్లాడు ఏడుస్తుంటే ఆపమంటారా" అంది. ఆ మాటకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి బ్యాటరీ కంటే వెలుగే ముఖ్యం. నేను అక్కడ సెల్లులు కాపాడుతున్నాను, ఇక్కడ వాళ్ళు ఆ చివరి మసక వెలుగుతో గడిపారు.

అప్పట్నుంచి ఇంట్లో ఒక నియమం పెట్టాను, లైటు ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండాలి, ఖాళీగా ఉండకూడదు. ఇప్పుడున్న లైటునీ కొన్న రోజే ఫ్రిజ్ పక్కన బోర్డుకి తగిలించాం, నాలుగేళ్ళుగా అలాగే ఉంది. నిన్నటిదాకా ఇది మంచి నియమమనే అనుకున్నాను. నిన్న లెక్క వేస్తే తెలిసింది, దీన్ని చంపింది ఆ నియమమే.

లెక్క సులువే. ఒక మైక్రోఫారడ్ కెపాసిటర్ మన 230 వోల్టుల నుంచి లోపలికి వదిలేది సుమారు 65 మిల్లీ ఆంపియర్లు. ఖాళీ బ్యాటరీ నిండటానికి దానితో రోజు పైన పడుతుంది. బాగానే ఉంది. కానీ నిండాక కూడా అదే 65 వెళ్తూనే ఉంటుంది, ఆపేవాడు లేడు. నిండిన బ్యాటరీని నిండుగా ఉంచడానికి కొద్ది మిల్లీ ఆంపియర్లు చాలు. మిగతాదంతా లోపలి నీళ్ళని వాయువులుగా విడగొడుతుంది. కొంచెమైతే అది లోపలే మళ్ళీ నీరవుతుంది, సీల్డ్ బ్యాటరీ పనిచేసేదే అలా. ఇంత ఎక్కువైతే రబ్బరు మూతల కింద నుంచి బయటికి పోతుంది. నాలుగేళ్ళు, అందులో నాలుగు విశాఖ ఎండాకాలాలు, వెనక ఫ్రిజ్ వేడి. వేడి పది డిగ్రీలు పెరిగితే వీటి ఆయుష్షు సగమవుతుంది.

మీటరు కూడా అదే చెప్పింది. ప్లగ్గు తీసి, ఊరికే కొలిస్తే 4.2 వోల్టులు. చూసినవాడెవడైనా బ్యాటరీ బాగుందంటాడు. లైటు వేసి కొలిస్తే నిమిషంలో 2.9. బరువు మోయించకుండా చూసిన వోల్టేజీకి విలువ లేదు. చార్జింగ్‌లో ఉండగా కొలిస్తే 5.4, ఉండాల్సింది 4.6 నుంచి 4.9 లోపు. అంత పైకెళ్ళిందంటే లోపల ఎండిపోయి నిరోధం పెరిగిందన్నమాట. (ఇంట్లో చేసేవాళ్ళుంటే ఒక మాట. ట్రాన్స్‌ఫార్మర్ లేని బోర్డు కాబట్టి ప్లగ్గులో ఉండగా ఆ బ్యాటరీ టెర్మినల్స్ ముట్టుకుంటే గోడలో కరెంటు ముట్టుకున్నట్టే. నేను క్లిప్పులు ముందే తగిలించి, చేతులు తీసేశాక స్విచ్ వేశాను. బ్యాటరీ తీగ ఊడదీసి ప్లగ్గు మాత్రం పెట్టకండి, అక్కడ వోల్టేజీ మూడొందల దాకా లేస్తుంది.)

పై పట్టీ లేపి మూతలు తీస్తే లోపలి తెల్ల దూది పొడిగా ఉంది. సిరంజితో ఒక్కో సెల్లుకి రెండు మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి, రాత్రంతా చార్జ్ పెట్టాను. పొద్దున్న ముప్పై అయిదు నిమిషాలు వెలిగింది! అమ్మకి తీసుకెళ్ళి చూపించాను కూడా. మధ్యాహ్నం మళ్ళీ చార్జ్ చేసి వేస్తే ఇరవై. నీళ్ళు పోస్తే తడి వస్తుంది గానీ, తినేసిన ప్లేటు తిరిగి రాదు. వదిలేశాను.

చిన్నాడికి ఫోన్ చేస్తే "ఇంకా లెడ్ ఏంటి నాన్నా, 18650 లిథియం సెల్ పెట్టెయ్, సరిపోతుంది" అన్నాడు. వోల్టేజీ సరిపోయే మాట నిజమే, దానిదీ నాలుగు చుట్టూనే. కానీ ఈ బోర్డు మీద పెట్టకూడదు, ఈ ఒక్క విషయంలో వాడితో గట్టిగానే మాట్లాడాను. లిథియం సెల్లుని 4.2 దగ్గర ఆపి తీరాలి. ఆపడం తెలియని బోర్డు మీద లెడ్ అయితే నీళ్ళు పోగొట్టుకుంటుంది, లిథియం అయితే ఉబ్బుతుంది, అంటుకున్నా అంటుకుంటుంది. వాడు కాసేపాగి, "అయితే ఆ బోర్డే తీసెయ్, టీపీ 4056 బోర్డు పెట్టి ఫోన్ చార్జర్‌తో చార్జ్ చెయ్, నిండగానే అదే ఆపేస్తుంది, రంగు మారుతుంది" అన్నాడు. అది మాత్రం కరెక్ట్. సెల్లు ఖాళీ అయినప్పుడు కత్తిరించే రక్షణ కూడా ఉన్న రకం కొనాలి. ఆ రెండో పని ఉంటే హుద్‌హుద్ రాత్రి లాంటిదీ జరగదు, అయితే ఆ మసక వెలుగూ ఉండదు. పండక్కి వచ్చినప్పుడు చేద్దామన్నాను.

ప్రస్తుతానికి సాయంత్రం కొత్త లెడ్ బ్యాటరీయే తెచ్చాను. షాపుకి మీటరు పట్టుకెళ్ళాను. మొదటిది 3.7 చూపించింది. "కొత్తదే సార్, సీలు చూడండి" అన్నాడు. కొత్తదే బాబూ, కానీ ఎన్ని నెలలుగా ఆ అరలో ఖాళీ అవుతూ కూర్చుందో. నాలుగోది 4.2 ఉంది, అది తీసుకున్నాను. ఊరికే పెట్టినా తనంతట తనే కరిగిపోతుంది కాబట్టి నెలకోసారి ఒక రోజు ప్లగ్గులో పెట్టి తీసెయ్యాలి, వాడినప్పుడల్లా అంతే, ఖాళీగా ఉంచకూడదు. క్యాలెండర్‌లో ప్రతి నెలా మొదటి ఆదివారం గీత గీశాను. ఆవిడకి మాత్రం ఫ్రిజ్ మీద ఎర్ర చుక్క లేకపోతే ఏదో మర్చిపోయినట్టుందట.

ఇప్పుడే వెళ్ళి చూశాను. రెండు గంటల ఇరవై నిమిషాలైంది, లైటు వెలుగుతుండగా 3.9. మూడున్నరకి ఆపేస్తాను. అమ్మ గదిలోంచి "ఇంకా ఉందా" అని అడిగింది. ఉందమ్మా అన్నాను.