పావు శాతమేగా!

“అక్కా, ఏడాదంతా జీతంలోంచి పీఎఫ్ కోశారు, వడ్డీ ఒక్క పైసా పడలేదు!” బెంజి సర్కిల్ దగ్గర టీ కొట్టులో తమ్ముడు ఫోన్ నా ముందు పెట్టాడు. పీఎఫ్ పాస్‌బుక్. నెలనెలా 5,000 జమ, వడ్డీ గడి ఖాళీ.

వాడి టెన్షన్ చూస్తే పాపం అనిపించింది. వడ్డీని ఏ నెలకానెల లెక్కేస్తారు, ఖాతాలో కలిపేది మాత్రం ఏడాదికోసారే. ఏప్రిల్‌లో పడిన 5,000కి మే నుంచి 11 నెలల వడ్డీ. మార్చిలో పడినదానికి ఆ ఏడాది ఏమీ రాదు. 8.25 శాతం చొప్పున మొదటి ఏడాది మొత్తం 2,269 రూపాయలు. ఎంట్రీ ఆలస్యంగా కనిపించినా మార్చి 31 నాటి లెక్కే, నష్టం లేదు.

“అదే 8 శాతమైతే?” అన్నాడు.

2,200. తేడా 69 రూపాయలు. “పావు శాతమేగా” అని నవ్వాడు.

అక్కడే కూర్చుని లెక్క చేశాం. రేటు ఏటా మారొచ్చు, కానీ అదే రేటు, అదే 5,000 అనుకుంటే ఇరవై ఏళ్లకు తేడా సుమారు 83 వేలు. ముప్పై ఏళ్లకు 73.86 లక్షలు ఒకవైపు, 70.46 లక్షలు మరోవైపు. 3.4 లక్షలు! అందులో ముప్పాతిక చివరి పదేళ్లలోనే పుట్టింది. అప్పటికి వడ్డీ మీద వడ్డీయే పెద్ద మొత్తం మరి.

వాడు కొత్త ఉద్యోగంలో చేరుతూ పాత పీఎఫ్ తీసేసుకుందామనుకున్నాడట. టీ చల్లారిపోయింది. ట్రాన్స్‌ఫర్ ఎలా పెట్టాలక్కా అని అడిగాడు.