ఫ్లూ వార్డులో నా గది, వాళ్ల మాస్కులు

గత చలికాలంలో నాకు ఇన్‌ఫ్లుయెంజా సోకి, అది న్యుమోనియాకు దారితీయడంతో హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. వృత్తిరీత్యా నేను పెద్ద భవనాలకు ఏసీ డక్టులు రూపొందించే ఇంజినీరును. అందువల్ల ఊపిరి కాస్త కుదుటపడగానే నా ధ్యాస మందుల మీద కన్నా గదిలోకి గాలి ఎటునుంచి వస్తోంది, ఎటు పోతోంది, ఎవరు ఏ మాస్కు పెట్టుకుని లోపలికి వస్తున్నారు అన్న విషయాల మీదికే ఎక్కువగా మళ్లింది. జబ్బు అదే, రోగిని నేనే అయినా, నా చుట్టూ తీసుకున్న జాగ్రత్తలు మాత్రం ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఒకేలా లేవు. అవి ఎందుకు మారాయో సిబ్బందిని అడిగి తెలుసుకున్న సంగతులను ఇక్కడ రాస్తున్నాను.

జాగ్రత్తలు క్యాజువాలిటీలోనే మొదలయ్యాయి. జ్వరం, దగ్గు అని చెప్పగానే అక్కడి సిస్టర్ పేరు కూడా రాసుకోకముందే నా చేతికి ఒక సర్జికల్ మాస్కు ఇచ్చి, మిగతా రోగులకు దూరంగా గోడ పక్కనున్న కుర్చీలో కూర్చోబెట్టారు. ముక్కు నుంచి తీసిన స్వాబ్‌తో చేసిన ర్యాపిడ్ పరీక్షలో ఫ్లూ లేదనే వచ్చింది. నా భార్య హమ్మయ్య అనుకుంది గానీ, డ్యూటీ డాక్టరు మాత్రం ఆ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ర్యాపిడ్ పరీక్ష ఫ్లూ ఉన్నవారిలో కూడా చాలామందిని పట్టుకోలేదని, లక్షణాలు ఫ్లూలా ఉన్నప్పుడు ఆర్‌టీ పీసీఆర్ ఫలితం వచ్చేదాకా ఫ్లూ ఉన్నట్టే భావించి మందూ మొదలుపెట్టాలి, జాగ్రత్తలూ మొదలుపెట్టాలి అని ఆయన వివరించారు. ఆ రాత్రే ఫ్లూ వైరస్ మీద పనిచేసే ఒసెల్టామివిర్ మాత్ర మొదలైంది, పడక కూడా జనరల్ వార్డులో కాకుండా ఒంటరి గదిలో ఇచ్చారు. మరునాడు వచ్చిన పీసీఆర్ ఫలితంలో ఇన్‌ఫ్లుయెంజా ఎ రకానికి చెందిన హెచ్1ఎన్1 అని తేలింది.

గది తలుపు మీద "డ్రాప్లెట్ జాగ్రత్తలు" అన్న కార్డు తగిలించారు. అంటే దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు నా నోటి నుంచి వెలువడే తుంపర్ల నుంచి ఎదుటివారు రక్షణ పొందాలన్నమాట. ఆ తుంపర్లలో పెద్దవి మూడు నుంచి ఆరు అడుగుల లోపే నేలమీదో పరుపు మీదో పడిపోతాయి కాబట్టి, ఆ దూరంలోకి వచ్చే మనిషి ముక్కుకూ నోటికీ అడ్డు ఉంటే చాలునన్నది ఈ పద్ధతికి ఆధారం. నర్సులు గుమ్మం దగ్గరే మూడు పొరల సర్జికల్ మాస్కు కట్టుకుని లోపలికి వచ్చేవారు, నా స్రావాలు తగిలే పని ఉంటే గ్లౌజులూ గౌనూ కూడా వేసుకునేవారు, పని అయ్యాక గుమ్మం దగ్గరున్న పసుపు సంచిలో మాస్కు వేసి చేతులు రుద్దుకుని వెళ్లిపోయేవారు. తలుపు మాత్రం చాలాసార్లు తెరిచే ఉండేది.

ఈ తెరిచిన తలుపే నా భార్యకు మింగుడుపడలేదు. "స్వైన్ ఫ్లూ అంటున్నారు, తలుపు బార్లా తీసి పెట్టారు, ఎన్95 కూడా పెట్టుకోవట్లేదు, ఏంటి సిస్టర్ ఇది?" అని అడిగేసింది. ఆమె భయానికి కారణం లేకపోలేదు. 2009 మే నెలలో మన దేశంలో తొలి హెచ్1ఎన్1 కేసు నిర్ధారణ అయింది హైదరాబాద్‌లోనే. ఆనాటి మాస్కుల గోల మా ఊరివాళ్లెవరూ మరచిపోలేదు. ఆ ఏడాది అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కూడా ఈ రోగుల దగ్గరికి వెళ్లే సిబ్బంది అందరికీ ఎన్95 స్థాయి మాస్కు ఉండాలనే చెప్పింది. అయితే 2010లో ఆ సూచనను సవరించి, మామూలు సేవలకు సర్జికల్ మాస్కు సరిపోతుందని, గాలిలోకి సూక్ష్మ కణాలను లేపే కొన్ని ప్రక్రియలకు మాత్రమే ఎన్95 అవసరమని నిర్ణయించింది. అప్పటికి ఆ వైరస్ ఏటా వచ్చే సీజనల్ ఫ్లూలలో ఒకటిగా మారడం మొదలైంది, టీకా కూడా అందుబాటులోకి వచ్చింది. మా వార్డు ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ ఈ సంగతంతా ఓపికగా చెప్పి, "క్షయ, తట్టు, ఆటలమ్మ వంటి వాటికైతే తలుపు మూసి, ఎన్95 పెట్టుకునే వస్తామమ్మా, ఫ్లూకి అది అన్నివేళలా అక్కర్లేదు" అన్నారు.

నా వృత్తి కళ్లతో చూస్తే తుంపర్లతో సోకేవి, గాలితో సోకేవి అన్న ఈ విభజన మరీ అంత ఖచ్చితమైనదిగా అనిపించలేదన్నది కూడా చెప్పాలి. పెద్ద తుంపర్లు కింద పడతాయి, సన్నవి తేలుతాయి, కానీ దగ్గు ఒకటే. అది అన్ని పరిమాణాల కణాలనూ ఒకేసారి వెదజల్లుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2024లో ఈ రెంటి మధ్య పాత గీతను చెరిపి, అన్నిటినీ గాలి ద్వారా వ్యాపించే కణాలుగానే పరిగణించాలని ప్రతిపాదించింది. అయినా ఆచరణలో సర్జికల్ మాస్కు నిలిచి ఉండడానికి ఆధారం లేకపోలేదు. అమెరికాలోని అవుట్ పేషంట్ క్లినిక్‌లలో పనిచేసే 2,800 మందికి పైగా సిబ్బంది మీద జరిగి 2019లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, ఎన్95 వాడినవారికీ సర్జికల్ మాస్కు వాడినవారికీ మధ్య పరీక్షలో నిర్ధారణ అయిన ఫ్లూ విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మాస్కు కాదు, గదిలోని స్ప్లిట్ ఏసీ. అది లోపలి గాలినే తిప్పితిప్పి వదులుతుంది తప్ప బయటి గాలిని తీసుకురాదు. ఆ మాట సిస్టర్‌తో అంటే, ఆమె ఏసీ ఆపించి కిటికీ తెరిపించారు. డిసెంబరు చలిలో దుప్పటి ఇంకొకటి కప్పుకోవలసి వచ్చింది గానీ, అదే సరైన పని.

నా బావమరిది ముందువైపు చిన్న ప్లాస్టిక్ కవాటం ఉన్న ఖరీదైన ఎన్95 మాస్కులు కొన్ని నాకోసం కొని తెచ్చాడు. సిస్టర్ వాటిని చూడగానే పక్కన పెట్టించారు. ఆ కవాటం లోపలికి పీల్చే గాలిని వడకట్టనిస్తుంది, బయటికి వదిలే గాలిని మాత్రం వడకట్టకుండానే పోనిస్తుంది. అంటే ఆరోగ్యవంతుడికి అది సౌకర్యమే గానీ, రోగి పెట్టుకుంటే ఎదుటివారికి రక్షణ ఉండదు. నన్ను స్కానింగ్‌కు తీసుకువెళ్లినప్పుడల్లా ముక్కులోని ఆక్సిజన్ గొట్టం మీదుగానే మామూలు సర్జికల్ మాస్కు కట్టేవారు, స్కానింగ్ గదివాళ్లకు ముందే ఫోను చేసి చెప్పేవారు, కారిడార్‌లో ఆపకుండా నేరుగా లోపలికి పంపేవారు.

ఒంటరి గదులకు గిరాకీ పెరగడంతో నన్ను ఇద్దరుండే గదికి మార్చారు. అయితే ఆ రెండో పడకలో ఎవరినైనా పెట్టడానికి వీల్లేదు. పీసీఆర్‌లో నాలాగే ఇన్‌ఫ్లుయెంజా ఎ తేలిన వ్యక్తినే పెట్టారు. బి రకం వచ్చిన రోగినీ, ఇంకా ఫలితం రాని రోగినీ ఆ గదిలోకి రానివ్వలేదు, ఎందుకంటే ఒకరికి లేని జబ్బు మరొకరి నుంచి అంటుకునే ప్రమాదం అప్పుడు ఆసుపత్రే తెచ్చిపెట్టినట్టవుతుంది. పడకల మధ్య మీటరుకు పైగా దూరం ఉంచి, మధ్యలో తెర వేశారు. తోడుండే బంధువుల విషయంలోనే వాళ్లకు అసలైన తలనొప్పి. రోగికి ఒక్కరే, ఆ ఒక్కరూ మారకూడదు, గర్భిణులూ చిన్నపిల్లలూ అసలే రాకూడదు అని ఎంత చెప్పినా, సాయంత్రమయ్యేసరికి నా పక్క పడక చుట్టూ టిఫిన్ క్యారియర్లతో నలుగురు చేరేవారు, మాస్కులు గడ్డాల కింద వేలాడుతుండేవి.

తరవాత నా ఊపిరితిత్తిలో ఒక భాగం కఫంతో మూసుకుపోయిందని, బ్రాంకోస్కోపీ చేయాలని అన్నారు. ఇక్కడే జాగ్రత్తల తీరు పూర్తిగా మారిపోయింది. ముక్కులోంచి శ్వాసనాళంలోకి గొట్టం వెళ్తుంది కాబట్టి నాకు మాస్కు పెట్టే వీలుండదు, పైగా గొట్టం తగిలి వచ్చే దగ్గు, కఫం లాగే పని కలిసి సన్నని కణాలను గాలిలోకి లేపుతాయి. అందుకని నన్ను నెగటివ్ ప్రెషర్ గదికి తీసుకువెళ్లారు. ఆ గదిలోకి వచ్చే గాలి కన్నా బయటికి లాగే గాలి ఎక్కువ ఉంటుంది, అందువల్ల కారిడార్ గాలి లోపలికి వస్తుందే గానీ లోపలి గాలి కారిడార్‌లోకి పోదు. లాగిన గాలి సన్నని కణాలను కూడా పట్టేసే హెపా ఫిల్టరు దాటి భవనం పైనుంచి వెళ్లిపోతుంది. గోడమీద మీటరు ఉన్నా, టెక్నీషియన్ దాన్ని నమ్మి ఊరుకోలేదు. మూసిన తలుపు కింది సందు దగ్గర బయటినుంచి ఒక సన్నని టిష్యూ కాగితం పట్టి చూశాడు. ఆ కాగితం గది లోపలి వైపుకు వంగాకే నన్ను లోపలికి తీసుకువెళ్లారు. ఆపరేషన్ థియేటర్లలో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా గాలి లోపలినుంచి బయటికి తోసేలా ఉంటుంది కాబట్టి, ఫ్లూ రోగికి ఇలాంటి పని అక్కడ చేయడం మంచిది కాదని డాక్టరు అన్నారు; అది నాకు తెలిసిన విషయమే.

లోపలికి వచ్చినవారు అతి కొద్దిమంది, అందరూ ఎన్95తో పాటు కళ్లజోడు కవచం పెట్టుకున్నారు. ఒక్కొక్కరూ మాస్కు పెట్టుకున్నాక రెండు అరచేతులతో దాన్ని కప్పి గట్టిగా ఊపిరి వదిలి, ముక్కు పక్కనుంచి గాలి జారితే లోహపు పట్టీని మళ్లీ నొక్కి సరిచేసుకున్నారు. గడ్డం ఉన్న ఒక యువ టెక్నీషియన్‌ను మాత్రం ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ బయటే ఆపేశారు. వెంట్రుకల సందుల్లోంచి గాలి దూరిపోతే 95 శాతం వడకట్టే గుడ్డ ఎంత మంచిదైనా ప్రయోజనం లేదు. పని ముగిశాక వాళ్లు గౌనూ గ్లౌజులూ లోపలే విప్పి, ఎన్95ను మాత్రం బయటికి వెళ్లి తలుపు మూశాకే తీశారు. నా మొదటి గదిలో గుమ్మం దగ్గరే మాస్కు తీసేవారు కదా, ఇక్కడ ఆ వరుస మారింది. లోపలి గాలే ప్రమాదం అనుకున్నప్పుడు ఆఖరి క్షణం దాకా ముక్కు తెరవకూడదు.

నన్ను వార్డుకు తీసుకువచ్చాక ఆ గదిని వెంటనే శుభ్రం చేయనివ్వలేదని తెలిసింది. గంటకు 12 సార్లు గాలి మారే గదిలో తేలే కణాలలో 99 శాతం పోవడానికి సుమారు 23 నిమిషాలు, 99.9 శాతం పోవడానికి 35 నిమిషాలు పడుతుంది. గంటకు 6 సార్లే మారే పాత గదుల్లో దీనికి రెట్టింపు సమయం కావాలి. అంతసేపు గడిస్తేనే క్లీనింగ్ సిబ్బంది మామూలు మాస్కుతో లోపలికి వెళ్లవచ్చు. మందును పొగమంచులా మార్చి పీల్పించే నెబ్యులైజర్ విషయంలో మాత్రం డాక్టర్ల మధ్యే ఏకాభిప్రాయం లేదు. దాని పొగ మందు నుంచి వచ్చేదే గానీ రోగి నుంచి కాదని కొందరు, అది దగ్గును రేపుతుంది కాబట్టి ప్రమాదమేనని కొందరు అంటారు. నాకు మాత్రం ఆ వాదన జోలికి పోకుండా స్పేసర్‌తో ఇన్‌హేలర్ ఇచ్చారు.

జ్వరం తగ్గిన వెంటనే కార్డు తీసేస్తారేమోనని ఆశపడ్డాను గానీ, లెక్క వేరుగా ఉంది. జబ్బు మొదలైన నాటినుంచి 7 రోజులు, లేదా జ్వరమూ శ్వాస లక్షణాలూ తగ్గాక 24 గంటలు, ఈ రెంటిలో ఏది ఆలస్యమైతే అప్పటిదాకా జాగ్రత్తలు కొనసాగాలి. పక్క గదిలో కిడ్నీ మార్పిడి మందులు వాడే ఒకాయనకు ఈ గడువు కూడా చాలదని, రోగనిరోధక శక్తి తక్కువున్నవారు వైరస్‌ను ఎక్కువకాలం వదులుతూ ఉంటారని కార్డు అలాగే ఉంచారు. నా తలుపు మీది కార్డు తీసిన రోజున కూడా దగ్గు పూర్తిగా పోలేదు, కానీ అది ఎండిన గొంతు దగ్గే తప్ప కొత్తగా వచ్చిన లక్షణం కాదని డాక్టరు తేల్చారు. డిశ్చార్జి కాగితంలో మందుల కింద, ఓపీకి వచ్చినప్పుడు దగ్గు ఉంటే కౌంటరు దగ్గరే మాస్కు అడిగి పెట్టుకోవాలని రాసి ఇచ్చారు.