రాత్రి ఒంటిగంట సీసా: పది రోజుల లాగ్

బిడ్డకు ఆరు వారాలు. రోజుకు ఎనిమిది సార్లు పాలు తాగుతోంది. అందులో రాత్రి ఒంటిగంటది నాన్న పట్టాలి, మిగతా ఏడూ అమ్మవే.

1వ రాత్రి. పదింటికి అమ్మ పాలిచ్చి పడుకుంది. ఒంటిగంటకు నాన్న 90 మి.లీ. డబ్బాపాలు పట్టాడు. మూడున్నరకు మళ్లీ అమ్మే. పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ రాత్రిపూట ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ మూడున్నర ఫీడును మాత్రం సీసాకు వదలకూడదు.

కలిపే పద్ధతి: ముందు నీళ్లు, తర్వాత పొడి. ఈ డబ్బాకు 30 మి.లీ.కి ఒక స్కూపు, అంచుకు సమంగా గీసి. మరిగించిన నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకముందే పొడి వేయాలి, ఆ తర్వాత కుళాయి కింద సీసాను చల్లార్చాలి. ఫ్లాస్కులో పోసిపెడితే ఒంటిగంటకు ఆ వేడి ఉంటుందో లేదో ఒకసారి థర్మామీటరుతో చూసుకోండి.

2వ రాత్రి. రెండింటికి రొమ్ములు రాళ్లలా అయ్యాయి. రెండు మూడు నిమిషాలు చేత్తో పిండి, బరువు తగ్గగానే ఆపేయాలి. పూర్తిగా పంప్ చేస్తే ఆ వేళకు పాలు కావాలని ఒంటికి చెప్పినట్టే. అలాగని ఓర్చుకుని వదిలేస్తే గడ్డ కడుతుంది. గడ్డతోపాటు జ్వరం వస్తే ఇంట్లో చిట్కాలు కాదు, డాక్టరే.

4వ రాత్రి. తప్పు ఇక్కడ జరిగింది. బిడ్డ 90 మి.లీ. ఐదు నిమిషాల్లో గటగటా తాగి ఇంకా ఏడ్చింది, నాన్న మరో 30 కలిపాడు. ఫలితంగా బిడ్డ ఐదున్నర దాకా లేవలేదు, అమ్మకు ఏడున్నర గంటల విరామం వచ్చింది. నిండిన రొమ్ములో పాల తయారీ మందగిస్తుంది. రోజూ ఇలాగే జరిగితే పాలు తగ్గిపోతాయి. బిడ్డను కాస్త నిటారుగా కూర్చోబెట్టి, సీసాను అడ్డంగా పట్టుకుని, స్లో ఫ్లో నిపుల్‌తో, మధ్యలో త్రేన్పు తీయిస్తే అదే 90 పదిహేను నిమిషాలు పడుతుంది, బిడ్డకు కడుపు నిండిన సంగతి తెలిసే వ్యవధి దొరుకుతుంది.

5వ రోజు నుంచి. ఉదయం ఆరున్నర ఫీడు తర్వాత పది నిమిషాల పంప్, 60 మి.లీ. వెంటనే ఫ్రిజ్‌లోకి. రాత్రి ఒంటిగంటకు మొదట ఆ 60, తర్వాత వేరే సీసాలో ఒక స్కూపు డబ్బాపాలు. రెండూ ఒకే సీసాలో పోస్తే, బిడ్డ వదిలేసినప్పుడు పారబోసేదాంట్లో తల్లిపాలూ పోతాయి. తల్లిపాలలో నేరుగా పొడి కలపడం మాత్రం వద్దే వద్దు, అందులో నీటి పాళ్లు తప్పుతాయి.

8వ రోజు. పంపులో 35 మి.లీ.యే వచ్చింది. పాలు తగ్గలేదు, బాతుముక్కులా ఉండే చిన్న రబ్బరు వాల్వు పెదవి చీలింది. కొత్తది వేశాక మర్నాడు 55.

10వ రోజు. తడి గుడ్డలు ఏడు, బరువు వారంలో 180 గ్రాములు పెరిగింది. రెండో సీసా అవసరమైతే అది పగటి ఫీడులోంచే తీయాలి, ఈ అలవాటు కుదిరాక ఇంకో నాలుగైదు రోజులు ఆగి.