సహోద్యోగి సంతాప సభలో మూడు నిమిషాలు

పరాయి దేశంలో పనిచేసే చోట సంతాప సభ అంటే సాధారణంగా అరగంట వ్యవహారం. షిఫ్టు మొదలయ్యేలోపు, లేదా మీటింగ్ హాలు ఖాళీగా ఉన్న వేళ జరిపేస్తారు. మేనేజర్ ఒకరు, కుటుంబం తరఫున ఒకరు, కలిసి పనిచేసినవాళ్ళలో ఒకరిద్దరు మాట్లాడతారు. ఆ ఒకరిద్దరిలో మన పేరుంటే మనకు దక్కేది మూడు నిమిషాలు. నిదానంగా చదివితే ఇంగ్లీషులో నిమిషానికి 110 మాటల దాకా వస్తాయి. తెలుగులో ఒక్కో మాట పొడవెక్కువ కనుక 80 దాకా రావచ్చు. సభలో నిలబడ్డాక గొంతు ఇంకాస్త నెమ్మదిస్తుంది. అందుకని ఇంగ్లీషులో అయితే 250 మాటలకు మించి రాసుకోకపోవడం మంచిది. అంటే ఒకే ఒక్క సంగతికి చోటుంటుంది.

ఆ ఒక్క సంగతి ఏదన్న దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. కష్టజీవి, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవారు, అందరికీ సాయపడేవారు అని చెప్పి దిగిపోతారు. అవి అబద్ధాలు కావు, కానీ ఎవరి గురించైనా చెప్పగలిగే మాటలు. ఇంటి మనిషిగా ఆయన ఎలాంటివారో కుటుంబానికి మనకంటే బాగా తెలుసు. వాళ్ళకు తెలియనిది రోజూ గేటు దాటి లోపలికి వచ్చాక ఆయన ఎలా ఉండేవారన్నది. విదేశంలో ఉద్యోగమైతే ఆ ఫ్యాక్టరీనో ఆఫీసునో ఇంట్లోవాళ్ళు కంటితో కూడా చూసి ఉండకపోవచ్చు. అక్కడ జరిగిన ఒక్క పనిని కళ్ళకు కట్టినట్టు చెప్పగలిగేది సహోద్యోగి మాత్రమే.

చనిపోయినాయన ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ అనుకుందాం. యంత్రం బాగుచేసేటప్పుడు పొరపాటున ఎవరూ కరెంటు వేయకుండా, మెయిన్ స్విచ్‌ను ఆపు చేసి, ఆ పనిలో ఉన్న ప్రతి మనిషీ దానికి తన సొంత తాళం వేసుకుంటాడు. తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంటాడు. పని అయ్యాక ఎవరి తాళం వాళ్ళే తీస్తారు. ఈ నియమం చాలా చోట్ల గోడమీద రాసే ఉంటుంది. చిక్కల్లా భాషతోనే. కొత్తగా వచ్చినవాడిని "అర్థమైందా?" అని అడిగితే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా తలూపుతాడు. ఇక రాసుకోవలసిన మాటలు ఇలా ఉండొచ్చు:

"అందరికీ నమస్కారం. నేను ఆయన కింద మెయింటెనెన్స్‌లో పనిచేశాను. అమ్మా, ఆయన ఇక్కడ రోజూ చేసిన ఒక పని గురించి మీకు చెప్పాలి. మేం పదిమందిమి ఉంటే నాలుగు భాషలవాళ్ళం. యంత్రం విప్పే ముందు ఆయన ఎవర్నీ 'అర్థమైందా' అని అడిగేవారు కాదు. చెయ్యి చాపి, 'నీ తాళంచెవి చూపించు' అనేవారు. అందరి తాళంచెవులూ చూశాకే పని మొదలయ్యేది. తొందరలో ఉన్నా అంతే, పై అధికారి పక్కన నిలబడ్డా అంతే. భాష రాక తలూపే కొత్తవాళ్ళు భయపడకుండా పని నేర్చుకున్నది అలాగే. ఇప్పుడు మేం కూడా కొత్తవాళ్ళను తాళంచెవి చూపించమనే అడుగుతున్నాం. మీకూ పిల్లలకూ మా అందరి సానుభూతి."

ఇది నిమిషం దాటదు. ఇంకో నిమిషానికి సరిపడా ఉంటే ఇదే సంగతిని ఇంకాస్త విప్పి చెప్పాలి తప్ప రెండో సంగతి ఎత్తుకోకూడదు. "ఎంతో బాధ్యత గల మనిషి" అన్న మాట ఇందులో ఎక్కడా లేదని గమనించండి. చెయ్యి చాపడం చూసినవాళ్ళకు ఆ మాట వేరే చెప్పక్కర్లేదు.

అయితే పనిచేస్తూ ప్రమాదంలో పోయినవారి సభలో ఈ తాళాల ముచ్చట అస్సలు పనికిరాదు. తప్పు ఆయనదనో, కంపెనీదనో వేలెత్తి చూపినట్టు వినబడుతుంది. విచారణ నడుస్తుంటే అది ఇంకా ఇబ్బంది. అసలు మరణానికి కారణం ఏదైనా, దాన్ని కుటుంబమే చెప్పాలి, మనం కాదు.

కాగితం మీంచి కొట్టేయవలసినవి ఇంకా రెండున్నాయి. మొదటిది, "సెలవు పెట్టకుండా, రాత్రిళ్ళు కూడా పనిచేసేవారు" అన్న పొగడ్త. మనకది గొప్పగానే ఉంటుంది. ఆ రాత్రిళ్ళు ఎవరి దగ్గర లేకుండా పోయారో వాళ్ళు ఎదురుగా కూర్చుని వింటుంటారు. రెండోది, "కంపెనీ మీ వెంట ఉంటుంది, అన్నీ చూసుకుంటుంది" అన్న హామీ. ఆ సమయంలో కుటుంబం జీతం బకాయిలు, ఇన్సూరెన్స్, వీసా గురించి లోలోపల మథనపడుతూ ఉంటుంది. ఓదార్పుగా అన్నమాటను వాళ్ళు హామీగా పట్టుకుంటారు. ఇచ్చే అధికారం లేని మాట ఇవ్వకూడదు. మనవల్ల అయ్యేదుంటే సభ అయ్యాక విడిగా చెప్పొచ్చు. అలాగే ఆత్మశాంతి, పునర్జన్మ లాంటి మాటలు వాడేముందు వాళ్ళ నమ్మకం ఏమిటో కుటుంబానికి ఫోన్ చేసి తెలుసుకోవాలి. పేరు ఎలా పలకాలో కూడా ఆ ఫోన్‌లోనే అడిగేయొచ్చు. ఆఫీసులో ఏళ్ళ తరబడి అందరూ తప్పుగా పిలిచిన పేరును అక్కడ కూడా తప్పుగానే పలికితే అంతకన్నా చిన్నతనం లేదు.

మనది కాని భాషలో మాట్లాడుతున్నప్పుడు దుఃఖం ముంచుకొస్తే, ముందు జారిపోయేది ఆ భాషే. ఇంటి భాషలో అయితే తడబడ్డా మాట దొరుకుతుంది, ఇక్కడ దొరకదు. అందుకే బట్టీపట్టడాన్ని నమ్ముకోకుండా కాగితం పట్టుకెళ్ళాలి. ఫోన్ వద్దు, తెర ఆరిపోతుంది, చేతులు వణికితే పేజీ జారుతుంది. 16 పాయింట్ల అక్షరాలతో, ఒక్కో వాక్యం ఒక్కో వరుసలో, కాగితానికి ఒకవైపే ప్రింట్ తీసుకోవాలి. అడుగున మూడోవంతు ఖాళీ వదిలితే తల మరీ కిందికి వంచక్కర్లేదు, గొంతు మైకుకు దూరం కాదు. గొంతు పట్టేసినప్పుడు బలవంతాన మాట్లాడబోతే ఇంకా బిగుస్తుంది. ఆగి, ఊపిరి మెల్లగా బయటికి వదిలి, ఒక గుక్క నీళ్ళు తాగి, ఆగిన వాక్యాన్ని మొదటి నుంచి చదవాలి. క్షమించమని అడగాల్సిన పనిలేదు. అదే కాగితం రెండో ప్రతిని ముందు వరసలో కూర్చున్న ఒకరికి ఇచ్చి ఉంచితే, మనవల్ల కానప్పుడు వాళ్ళు వచ్చి మిగతాది చదువుతారు.

కుటుంబం స్వదేశం నుంచి వీడియోలో చూస్తుంటే "అమ్మా" అన్నప్పుడు హాల్లోని తెరను కాదు, కెమెరాను చూడాలి. తెర వైపు చూస్తే అవతల కూర్చున్నవాళ్ళకు మనం పక్కకు తిరిగినట్టు కనిపిస్తాం. వాళ్ళకోసం ఎవరైనా అనువదిస్తుంటే సమయం రెట్టింపవుతుంది, కాబట్టి రాసుకున్నది సగానికి తగ్గించాలి. రెండు వాక్యాలు చదివి ఆగడం, అనువాదం పూర్తయ్యాకే మళ్ళీ మొదలుపెట్టడం అని ముందే అనుకోవాలి. ఆ కాగితం అనువదించేవారి చేతికి కనీసం ముందురోజు అందాలి. పైన రాసిన తాళాల సంగతే తీసుకుంటే, ఫ్యాక్టరీ ముఖం చూడని అనువాదకుడు తాళంచెవిని ఇంటి తాళంచెవి అనుకుంటాడు, చెప్పినదంతా కుటుంబానికి అయోమయంగా వినిపిస్తుంది. అలాంటి చోట, స్విచ్‌కు తాళం ఎందుకు వేస్తారో ఆయనకు ఫోన్‌లో రెండు నిమిషాలు వివరించడం సభలో మాట్లాడే మూడు నిమిషాలంత అవసరం.