టెస్టర్‌గా మొదటి వారం: లోపం కోడ్‌లోనా, ఎన్విరాన్‌మెంట్‌లోనా?

హైదరాబాద్‌లో ఆన్‌లైన్ అమ్మకాల యాప్ తయారుచేసే జట్టులో చేరినప్పుడు నాకిచ్చిన ఆన్‌బోర్డింగ్ గైడ్‌లో మొదటి పేజీ అంతా అనుమతుల గురించే ఉంది. వీపీఎన్, జిరా, పోస్ట్‌మన్ కలెక్షన్, డేటాబేస్‌ను చదవడానికి మాత్రమే పనికివచ్చే లాగిన్, సర్వర్ లాగ్‌లు చూపే కిబానా, వీటన్నిటికీ చేరిన రోజే అభ్యర్థనలు పెట్టాను. కొత్తవారు అన్నిటికంటే ముందు అడగవలసింది లాగ్‌ల అనుమతి అని నా అభిప్రాయం, ఎందుకంటే అది లేకపోతే తెరమీద కనిపించినదాని వెనుక ఏం జరిగిందో తెలుసుకునే దారి ఉండదు.

మా దగ్గర డెవ్, క్యూఏ, స్టేజింగ్, ప్రొడక్షన్ అని నాలుగు ఎన్విరాన్‌మెంట్లు ఉన్నాయి. ఏ పరీక్షకైనా ముందు అక్కడ ఏ బిల్డ్ నడుస్తోందో చూడాలని గైడ్ చెప్పింది.

```
curl -s https://qa.example.com/version
```

ఇందులో వచ్చే కమిట్ నంబరు జిరా టికెట్‌లోని బిల్డ్‌తో సరిపోకపోతే, సరిచేసిన లోపాన్ని మళ్లీ పరీక్షించి ప్రయోజనం లేదు.

మొదటి వారంలో నాకు అప్పగించిన పని ఆర్డర్ పెట్టడం నుంచి చెల్లింపు వరకు ముఖ్యమైన దశలన్నీ పనిచేస్తున్నాయో లేదో త్వరగా చూసే స్మోక్ టెస్ట్‌ను క్యూఏలో చేయడం. మా యాప్‌లో చెల్లింపులను నడిపే రేజర్‌పే సేవ టెస్ట్ మోడ్‌లో success@razorpay అనే యూపీఐ ఐడీ ఇస్తే, నిజమైన డబ్బు కదలకుండానే చెల్లింపు విజయవంతమైనట్లు నమోదవుతుంది. అలాగే నమోదైంది, కానీ మా యాప్‌లో ఆర్డర్ మాత్రం ‘పెండింగ్’లోనే ఉండిపోయింది. బగ్ రాయబోతుంటే మా సీనియర్ టెస్టర్, “ఆగండి, ముందు వెబ్‌హుక్ మన సర్వర్‌కు చేరిందో లేదో చూడండి” అన్నారు. చెల్లింపు జరిగిందని రేజర్‌పే తనంతట తానే మా సర్వర్‌కు పంపే సందేశమే వెబ్‌హుక్.

ఆ సమయానికి క్యూఏ లాగ్‌లలో రేజర్‌పే నుంచి ఒక్క అభ్యర్థన కూడా లేదు. అదే కమిట్ ఉన్న స్టేజింగ్‌లో మాత్రం అదే పరీక్షకు ఆర్డర్ ‘పెయిడ్’గా మారింది. క్యూఏ సర్వర్ వీపీఎన్ లోపల ఉన్నందువల్ల బయటి ఇంటర్నెట్ నుంచి వచ్చే వెబ్‌హుక్ దాన్ని చేరలేకపోతోందన్న అనుమానం కలిగి, వీపీఎన్‌లో ఉండి పోస్ట్‌మన్ ద్వారా అదే సందేశాన్ని నేనే పంపాను. దానికి X-Razorpay-Signature హెడర్ అవసరం. వెబ్‌హుక్ సీక్రెట్‌తో సందేశం మొత్తం మీద హెచ్‌మాక్ షా-256 లెక్కిస్తే ఆ సంతకం వస్తుంది కాబట్టి, సందేశంలో ఒక్క ఖాళీ మారినా సర్వర్ దాన్ని తిరస్కరిస్తుంది. సరైన సంతకంతో పంపగానే క్యూఏలో కూడా ఆర్డర్ ‘పెయిడ్’ అయింది. దీనితో సందేశం అందాక కోడ్ సరిగానే పనిచేస్తోందని తేలింది, అయితే బయటి నుంచి వచ్చే దారి గురించి ఈ పరీక్ష ఏమీ చెప్పదు.

అందుచేత టికెట్‌ను డెవలపర్‌కు కాకుండా డెవాప్స్ జట్టుకు పంపి, ఎన్విరాన్‌మెంట్, కమిట్ నంబరు, ఆర్డర్ నంబరు, జరిగిన సమయం, స్టేజింగ్‌లో వచ్చిన ఫలితం అందులో రాశాను. వారు క్యూఏ మొత్తాన్ని బయటికి తెరవకుండా ఆ ఒక్క వెబ్‌హుక్ చిరునామాకు మాత్రమే దారి ఇచ్చారు.